దవడ నొప్పి, నీరసం, పదమూడేళ్ళ షుగర్: పన్ను సంగతి తర్వాత, ముందు గుండె చూపించండి

డాక్టర్ గారూ, మా అమ్మకి 57 ఏళ్ళు. షుగర్ వచ్చి పదమూడేళ్ళయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటుంది. రెండు వారాల నుంచి కింది దవడ లాగేస్తోందంటోంది. డాబా మీదికి తడిబట్టలు తీసుకెళ్ళినప్పుడు, నీళ్ళ బకెట్లు మోసినప్పుడు వస్తుందట, కాసేపు కూర్చుంటే పోతుందట. నీరసం మరీ ఎక్కువగా ఉంది, గిన్నెలు తోమడానికి కూడా ఓపిక లేదంటోంది. పంటి డాక్టరు ఒక పన్ను పుచ్చింది, రూట్ కెనాల్ చేద్దామన్నారు. పోయిన వారం ఈసీజీ తీస్తే నార్మల్ వచ్చింది. ఛాతీలో నొప్పి అస్సలు లేదు. మొన్న రాత్రి పడుకున్నాక దవడ నొప్పి, చెమటలు వచ్చి ఇరవై నిమిషాల్లో తగ్గాయి, లో షుగర్ అనుకుని పంచదార నీళ్ళు తాగింది. ఆదివారం హైదరాబాద్ తీసుకొచ్చి పెద్ద డాక్టరుకి చూపిద్దామనుకుంటున్నాను. ఈలోపు ఏమైనా మందు చెప్తారా?
— జనగామ దగ్గర ఒక ఊరి అమ్మాయి

ఆదివారం దాకా ఆగొద్దమ్మా. హైదరాబాదూ వద్దు, పెద్ద డాక్టరూ వద్దు, ఈసీజీ తీసి ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయగలిగిన ఆసుపత్రి మీ అమ్మగారికి ఏది దగ్గరైతే అక్కడి ఎమర్జెన్సీకి ఇవాళే తీసుకెళ్ళండి. ఓపీలో టోకెన్ తీసుకుని కూర్చునే పని కాదు ఇది. ఈ మాట మీ ఉత్తరం చేతికందగానే మీకు విడిగా చెప్పించాను. ఇక్కడ వివరంగా రాస్తున్నది ఎందుకంటే, ఇలాంటి అమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, వాళ్ళ పిల్లలకి కూడా ఇది తెలియాలి.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు, డాబా ఎక్కితే వస్తుంది, కూర్చుంటే పోతుంది అన్న మాట దగ్గర. పుచ్చుపన్నుకి మనిషి మెట్లెక్కుతోందో కుర్చీలో కూర్చుందో తెలియదు. దానికి తెలిసింది చల్లటి నీళ్ళు, వేడి టీ, గట్టి పదార్థం కొరకడం. గుండెకి మాత్రం మెట్లూ బకెట్లూ బాగా తెలుసు, ఎందుకంటే ఒంటికి పని పెరిగినప్పుడల్లా దానికీ రక్తం ఎక్కువ కావాలి, రక్తనాళం ఒకచోట సన్నబడి ఉంటే అంత రక్తం అందదు, అందనంతసేపూ నొప్పి, కూర్చోగానే అవసరం తగ్గి నొప్పి పోతుంది. శ్రమతో వచ్చి విశ్రాంతితో పోయే నొప్పి బొడ్డు పైన ఎక్కడ వచ్చినా, దవడలో, గొంతులో, భుజంలో, రెండు రెక్కల మధ్య వీపులో, పొట్ట పైభాగంలో, అది గుండెది కాదని తేలేదాకా గుండెదే అనుకోవాలి.

అమ్మగారిని ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి, నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపించమనండి. పంటి నొప్పి ఉన్నవాళ్ళు చాలామంది నేరుగా ఫలానా పన్ను మీదే వేలు పెడతారు, దాన్ని చెంచా కాడతో తట్టితే జివ్వుమంటుంది. గుండె నుంచి వచ్చే దవడ నొప్పి ఉన్నవాళ్ళు వేలు పెట్టలేరు, అరచేత్తో గడ్డం కింద నుంచి చెవుల దాకా నిమురుకుంటూ ఇదిగో ఇదంతా అంటారు. ఎక్కువసార్లు రెండు వైపులా ఉంటుంది, ఒకవైపే అయినా ఉండొచ్చు. పోటు, సలపరం అని కాకుండా లాగేస్తోంది, పట్టేస్తోంది, బరువుగా ఉంది అంటారు. దవడ కీలు నొప్పి అయితే నోరు పెద్దగా తెరిచినప్పుడు, నమిలినప్పుడు వస్తుంది, కొందరికి టక్కుమని చప్పుడు కూడా అవుతుంది. ఇవన్నీ అనుమానం ఎటువైపు మొగ్గాలో చెప్పేవే తప్ప తేల్చిచెప్పేవి కావు. పన్ను నిజంగా పుచ్చి ఉండొచ్చు, గుండె కూడా నిజంగా ఇబ్బందిలో ఉండొచ్చు. 57 ఏళ్ళ షుగర్ మనిషికి నోట్లో ఒక పుచ్చుపన్ను దొరకడం వింతేమీ కాదు, దొరికింది కదా అని వెతకడం ఆపేయడమే ప్రమాదం.

గుండెలో తేడా వస్తే దవడకి ఎందుకు నొప్పి అంటే, గుండె నుంచి వచ్చే నొప్పి నరాలకి మెదడు దాకా విడిగా దారి లేదు. కొన్ని ఛాతీ, చేతి నరాలు వెన్నుపాములోకి వచ్చే చోటికే వస్తాయి, కొన్ని మెడ పైభాగంలో దవడ, ముఖం నరాలు కలిసే చోటికి చేరతాయి. రెండు ఇళ్ళకి ఒకే కాలింగ్ బెల్ ఉంటే ఎవరింటి ముందు చుట్టం నిలబడ్డాడో లోపలున్నవాళ్ళకి తెలియనట్టే, మెదడుకీ తెలియదు. పుట్టినప్పటి నుంచీ దవడ నుంచి, చేతి నుంచి కబుర్లు విన్న అలవాటు ఉంది కాబట్టి ఇదీ అక్కడి నుంచే అనుకుంటుంది.

మరి ఛాతీలో నొప్పి ఎందుకు లేదు? ఆడవాళ్ళలో కూడా గుండెపోటుకి ఎక్కువగా కనిపించే లక్షణం ఛాతీ నొప్పే. అయితే అది లేకుండా వచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. అమెరికాలో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన నాలుగు లక్షలకు పైగా మంది వివరాలు 2000లో ప్రచురించారు, వాళ్ళలో మూడోవంతు మందికి వచ్చినప్పుడు ఛాతీ నొప్పి లేదు. అలా నొప్పి లేనివాళ్ళలో ఆడవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, వయసు పైబడినవాళ్ళు ఎక్కువ. వాళ్ళు ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చారు, ఆసుపత్రిలో చనిపోయినవాళ్ళూ నొప్పి ఉన్నవాళ్ళ కంటే రెట్టింపు పైనే, 9 శాతానికి బదులు 23 శాతం. నొప్పి లేదంటే గుండెపోటు చిన్నదని కాదన్న సంగతి ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

షుగర్ ఇందులో చేసే పని గురించి కొంచెం చెప్పాలి. చాలా ఏళ్ళ షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం మన ఇళ్ళలో చూస్తూనే ఉంటాం. అదే దెబ్బ గుండెకి వెళ్ళే నరాలకీ తగులుతుంది. పాదానికి ముల్లు గుచ్చుకుంటే తెలియని మనిషికి గుండె కండకి రక్తం అందకపోవడం కూడా సరిగా తెలియకపోవచ్చు. అందుకే ఛాతీ పట్టుకుని కూలబడాల్సిన చోట కాస్త దవడ లాగడం, కాస్త ఆయాసం, విపరీతమైన నీరసం, ఊరికే వికారం, అంతే బయటికి వస్తాయి. అమ్మగారికి అరికాళ్ళు మొద్దుబారాయా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా, ఊరికే కూర్చున్నా నాడి నిమిషానికి నూరు దాకా కొడుతోందా అడగండి. ఈ మూడింటిలో ఏది ఉన్నా ఛాతీ నొప్పి లేదు కదా అన్న ధైర్యాన్ని పక్కన పెట్టేయాలి.

నీరసం గురించి. మన అమ్మలు నీరసంగా ఉందంటే ఎవరం పట్టించుకోం, వాళ్ళే పట్టించుకోరు. 2003లో అమెరికాలో గుండెపోటు వచ్చి బతికిన 515 మంది ఆడవాళ్ళని అడిగితే, పది మందిలో ఏడుగురు అంతకుముందు వారాల్లో ఎప్పుడూ లేనంత నీరసం ఉందని చెప్పారు, దాదాపు సగం మంది నిద్ర సరిగా పట్టలేదన్నారు. నీరసానికి వేరే కారణాలు బోలెడున్నాయి, రక్తహీనత, థైరాయిడ్, షుగర్ అదుపు తప్పడం. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పోయిన నెల సునాయాసంగా చేసిన పని ఈ నెల మధ్యలో ఆపి కూర్చోవాల్సి వస్తోందా అన్న దగ్గర. పోయిన నెల ఇల్లంతా ఊడ్చి తడిబట్ట పెట్టిన మనిషి ఇప్పుడు గిన్నెలు తోమడానికి పీట వేసుకుంటోంది అంటే అది వయసు కాదు, వయసు రెండు వారాల్లో మీద పడదు.

ఇక మొన్న రాత్రి సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. పన్నెండు రోజులు పని చేస్తేనే వచ్చిన నొప్పి ఆ రాత్రి ఏ పనీ లేకుండా, పడుకుని ఉండగా, చెమటలతో వచ్చింది. రక్తనాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లి దాని మీద రక్తం గడ్డ కట్టడం మొదలైనప్పుడు ఇలా జరుగుతుంది. గడ్డ కొంచెం కరిగితే ఇరవై నిమిషాల్లో తగ్గుతుంది, మళ్ళీ పెరిగి దారి మొత్తం మూసేస్తే అది పెద్ద గుండెపోటు. అది గంటలో జరగొచ్చు, వారానికి జరగొచ్చు. తగ్గిపోయింది కదా అని ఊరుకోకూడదు అనేది ఇందుకే.

దాన్ని లో షుగర్ అనుకోవడం సహజమే. చెమటలు, నీరసం, వణుకు రెండింటిలోనూ ఉంటాయి, పైగా గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్ళకి నిజంగానే షుగర్ పడిపోతుంటుంది. కానీ ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే సందేహం ఒక నిమిషంలో తీరుతుంది. 70 కంటే తక్కువ ఉంటే పంచదార నీళ్ళు ఇవ్వండి, పదిహేను నిమిషాల్లో తేరుకుని మామూలు మనిషి అవ్వాలి. 70 పైన ఉండి చల్లటి చెమటలు పడుతుంటే అది లో షుగర్ అని సర్దిచెప్పుకోవద్దు, గుండె గురించే ఆలోచించాలి. 250, 300 ఉన్నా అంతే, గుండెపోటు వచ్చినప్పుడు ఒంటి ఒత్తిడికి షుగర్ పెరుగుతుంది. దవడ నొప్పి మాత్రం లో షుగర్ వల్ల రాదు.

పోయిన వారం ఈసీజీ నార్మల్ వచ్చిందన్నారు. అప్పుడు నొప్పి ఉందా? లేదని నా అనుమానం. ఈసీజీ ఆ పది సెకన్ల ఫోటో, అంతే. నొప్పి లేనప్పుడు తీస్తే రక్తనాళం తొంభై శాతం మూసుకున్నవాళ్ళకి కూడా నార్మల్‌గా రావొచ్చు. నొప్పి ఉన్నప్పుడు తీసినా మొదటిది మామూలుగా ఉండి, పదిహేను, ముప్పై నిమిషాల తర్వాత తీసిన రెండోదాంట్లో మార్పు కనిపించడం తరచూ చూస్తాం. గుండె వెనక వైపు దెబ్బ తింటే మామూలుగా అతికించే చోట్ల సరిగా కనపడదు, వీపు వైపు కూడా లీడ్లు పెట్టి తీయాలి. ట్రోపోనిన్ కూడా అంతే, గుండె కండ దెబ్బతిన్న కొన్ని గంటలకి గానీ రక్తంలో పెరగదు, కాబట్టి ఒకసారి చూసి నెగెటివ్ అంటే సరిపోదు, పరీక్ష రకాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు గంటల మధ్య రెండోసారి చూడాలి. పాత ఈసీజీ కాగితం మాత్రం పారేయకండి, వెంట తీసుకెళ్ళండి. కొత్తదాని పక్కన పెట్టి చూస్తే చిన్న మార్పు కూడా దొరుకుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. అరవై దగ్గర వయసు, పదిహేనేళ్ళ షుగర్, పొలం పని చేసే మనిషి. మూడు వారాలు కింది దవడ నొప్పి, పొలం గట్టు ఎక్కేటప్పుడు. ఒక దంతం తీయించుకుంది. తీసిన తర్వాత కూడా గట్టు ఎక్కితే నొప్పి వచ్చింది, పుండు మానలేదేమో అనుకున్నారు. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి వాంతులు, ఒళ్ళంతా చెమట, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. నొప్పి ఎక్కడా లేదంది. పంచదార నీళ్ళు పట్టించారు, తేరుకోలేదు. గ్లూకోమీటర్‌లో 286 వచ్చింది, అదైనా ఎవరికీ అనుమానం కలిగించలేదు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన గ్యాస్ అని ఒక ఇంజెక్షన్ చేసి సెలైన్ పెట్టాడు. ఏడింటికి ఎవరో గుండేమో అని నాలుక కింద సార్బిట్రేట్ పెట్టారు, ఆవిడ స్పృహ తప్పింది. మా దగ్గరికి వచ్చేసరికి పదింపావు, బీపీ 80. ఈసీజీలో గుండె కింది భాగానికి గట్టి పోటు, కుడివైపు గది కూడా దెబ్బతింది. కుడివైపు దెబ్బతిన్నప్పుడు సార్బిట్రేట్ బీపీని ఇంకా పడగొడుతుంది, అందుకే స్పృహ తప్పింది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాత స్టెంట్ వేయించాం. బతికింది. కానీ ఆరు గంటల పాటు రక్తం అందని కండ తిరిగి రాలేదు, గుండె పంపింగ్ 38 శాతం దగ్గర ఆగిపోయింది, మామూలుగా 55 పైన ఉండాలి. ఇప్పుడు గట్టు మాట అటుంచి, ఇంటి అరుగు ఎక్కితేనే ఆయాసం.

ఆవిడ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ తెల్లవారుజాము కాదు, అంతకుముందు మూడు వారాలు. ఆ మూడు వారాల్లో ఏ రోజు వచ్చినా గుండె మొత్తం దక్కేది. మీ అమ్మగారు ఇప్పుడు ఆ మూడు వారాల్లోనే ఉన్నారు.

వెళ్ళేలోపు నొప్పి గానీ, చెమటలు గానీ, ఆయాసం గానీ మళ్ళీ వస్తే ఉన్నచోటే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. బైక్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళడం, బస్టాండు దాకా నడిపించడం, ఇంటి మెట్లు దిగమనడం వద్దు. ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, కడుపులో పుండు, రక్తస్రావం లాంటివి లేకపోతే, మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబడటం లాంటి పక్షవాతం లక్షణాలు లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమనండి. నమలకుండా అలాగే మింగేయకూడదు, అప్పుడే త్వరగా ఒంటికి పడుతుంది. ఇంట్లో 75వి ఉంటే నాలుగు. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఆస్పిరిన్ పని చేయవు. సార్బిట్రేట్ ఆమెకి ఎవరూ ఇంతకుముందు రాసివ్వలేదు కాబట్టి మీరుగా పెట్టొద్దు, కారణం పైన చదివారు. ఈనో తాగితే, గ్యాస్ మాత్ర వేస్తే కాస్త హాయిగా ఉందన్నా ఆగొద్దు, గుండె నొప్పి కూడా దానంతట అది ఎక్కుతూ తగ్గుతూ ఉంటుంది.

ఎమర్జెన్సీలో మొదట చెప్పే మాట చాలా ముఖ్యం. పంటి నొప్పి అనో, నీరసం అనో మొదలుపెడితే మిమ్మల్ని పక్కన కూర్చోబెడతారు, అది వాళ్ళ తప్పు కూడా కాదు. ఇలా చెప్పండి: "పదమూడేళ్ళ షుగర్. నడిస్తే దవడ నొప్పి వస్తోంది, ఆగితే పోతోంది. మొన్న రాత్రి పడుకున్నప్పుడు చెమటలతో వచ్చి ఇరవై నిమిషాలు ఉంది. గుండె కోసం చూడండి." పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. తర్వాత ట్రోపోనిన్, గుండె స్కానింగ్, వీలుంటే హిమోగ్లోబిన్, క్రియాటినిన్. రక్తం తక్కువగా ఉన్నా గుండె నొప్పి ముదురుతుంది, అందుకే హిమోగ్లోబిన్. ఎవరైనా ట్రెడ్‌మిల్ మీద నడిపిద్దామంటే, పడుకున్నప్పుడు కూడా నొప్పి వచ్చిందని ఇంకోసారి గుర్తుచేయండి, ఈ స్థితిలో ఆ పరీక్ష చేయకూడదు. ఈసీజీలో పెద్ద పోటు కనిపించి, స్టెంట్ వేసే చోటికి చేరి నాళం తెరవడానికి రెండు గంటలకి మించి పడుతుందనుకుంటే, అక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాత పంపుతారు. హైదరాబాద్‌లోనే చేయిద్దామని ఇంజెక్షన్ వద్దనకండి.

రెండు ట్రోపోనిన్లూ, రెండు ఈసీజీలూ బాగున్నాయని ఇంటికి పంపినా, మెట్లెక్కితే వచ్చే నొప్పి అలాగే ఉంటే పని అయిపోయినట్టు కాదు. గుండెపోటు ఇంకా రాలేదని మాత్రమే తెలిసింది. యాంజియోగ్రామ్ కావాలా, సీటీ యాంజియో చాలా అన్నది గుండె డాక్టరు చూసి చెప్పాలి, అది ఆ వారంలోనే జరగాలి. యాంజియోగ్రామ్‌కి ముందు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నట్టు చెప్పండి, కిడ్నీల పనితీరును బట్టి రెండు రోజులు ఆపమంటారు. అన్నీ చూసి గుండెకి ఏమీ లేదని తేలితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు, అప్పుడు నీరసానికి థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ చూద్దాం.

రూట్ కెనాల్ మాత్రం ప్రస్తుతానికి ఆపండి. పంటి డాక్టరుకి ఫోన్ చేసి గుండె పరీక్షలు జరుగుతున్నాయని చెప్పండి, వాళ్ళే వాయిదా వేస్తారు. ఒకవేళ స్టెంట్ పడితే రక్తం పల్చబరిచే మాత్రలు రెండు రకాలు రాస్తారు, ఆ తర్వాత ఎప్పుడు పన్ను జోలికి వెళ్ళినా, పన్ను పీకాలన్నా సరే, గుండె డాక్టరుని అడగకుండా ఆ మాత్రలు ఒక్కరోజు కూడా ఆపొద్దు.